మొత్తం 202 ఎలా వచ్చింది?

(విశాఖపట్నం ద్వారకానగర్‌లో కాలనీ సంఘాల కార్యకర్తలు, డిగ్రీ విద్యార్థుల కోసం జరిగిన సమావేశంలో ఒక విశ్రాంత గణాంకశాస్త్ర అధ్యాపకుడి ప్రసంగం. రికార్డింగు విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. ఫ్యాన్ల చప్పుడుకు నా మాట వెనక వరసకు అందకపోతే చెయ్యి ఎత్తండి, నేనే ముందుకు జరుగుతాను.

ఈ రోజు నేను చెప్పేది ఒకే ఒక్క కాగితం గురించి. గాజువాక వైపు ఉన్న ఒక కాలనీ సంఘం వాళ్లు ఆ కాగితం పట్టుకుని నా దగ్గరకు వచ్చారు. కాలనీ పేరు చెప్పను. అంకెలు కూడా నోటిలెక్కకు వీలుగా ఉండేలా కొంచెం మార్చాను, కాబట్టి వీటిని ఎవరూ ఎక్కడా వాడుకోవద్దు. వాళ్ల ఉద్దేశం మంచిదే. పొద్దున్న పూట కాలనీకి ఇంకో బస్సు వేయమని ఆర్టీసీకి అర్జీ పెట్టాలి. ఊరికే అడిగితే వినరని, 200 మందిని అడిగి సర్వే చేశారు. ప్రశ్న ఇది: "మీరు పనికి దేని మీద వెళ్తారు? రెండింటికి మించకుండా టిక్కు పెట్టండి." ఆరు జవాబులు ఇచ్చారు. సొంత బండి, షేర్ ఆటో, బస్సు, నడక, కంపెనీ బస్సు, కారు.

ఫలితం ఇలా వచ్చింది. సొంత బండి 55 శాతం, షేర్ ఆటో 48, బస్సు 54, నడక 18, కంపెనీ బస్సు 15, కారు 12. కూడండి. 202.

కార్యదర్శి గారు ఈ కాగితాన్ని సంఘం సమావేశంలో చదివితే, వెనక నుంచి ఒక పెద్దాయన లేచి "శాతాలు నూరు దాటాయేమిటయ్యా?" అన్నారట. దానికి సర్వే చేసిన కుర్రాడు తడుముకోకుండా, "రెండేసి జవాబులు ఇవ్వవచ్చు కదండీ, అందుకని నూరు దాటుతుంది" అన్నాడు. అందరూ సరేనన్నారు. పెద్దాయన కూడా కూర్చున్నారు.

కుర్రాడు చెప్పింది అబద్ధం కాదు. ఒక మనిషి రెండు చోట్ల టిక్కు పెడితే ఆ మనిషి రెండు శాతాల్లోనూ లెక్కకు వస్తాడు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నివేదికల్లో తాగునీటిని ఇంట్లో ఎలా శుద్ధి చేసుకుంటారన్న పట్టిక ఉంటుంది. మరగబెట్టేవాళ్లు, గుడ్డతో వడగట్టేవాళ్లు, ఫిల్టరు వాడేవాళ్లు, ఇలా. ఒకే ఇంట్లో వడగట్టి, మరగబెట్టి తాగుతారు కాబట్టి ఆ వరసలు కూడితే నూరు రానక్కర్లేదు. అందులో తప్పేమీ లేదు.

కానీ ఆ కుర్రాడి జవాబు సరైనదే అయినా, ఆ కాగితం మాత్రం తప్పు. నేను ఇవాళ మీ ముందుకు వచ్చింది ఇందుకే. "బహుళ జవాబులు" అన్న మాట ఒకటి దొరికితే చాలు, దాని కింద ఎంత పెద్ద పొరపాటైనా దాక్కుంటుంది. నూరు దాటవచ్చు అని ఒప్పుకున్నాక, ఎంత దాటవచ్చు అని ఎవరూ అడగరు.

ఎంత దాటవచ్చో ఖచ్చితంగా చెప్పవచ్చు. ఆలోచించండి. ఆరు వరసల్లోని టిక్కులన్నీ కూడి, మనుషుల సంఖ్యతో భాగిస్తే ఏమొస్తుంది? ఒక్కో మనిషి సగటున పెట్టిన టిక్కులు. దాన్ని నూరుతో గుణిస్తే మీ శాతాల మొత్తం. అంతే. మొత్తం 190 అయితే సగటున ఒక్కొక్కరు 1.9 టిక్కులు పెట్టారని అర్థం. మొత్తం 130 అయితే 1.3. అంటే నూరు దాటిన ఆ మొత్తం చెత్త అంకె కాదు, దానికి ఒక అర్థం ఉంది.

ఇప్పుడు 202 సంగతి చూడండి. సగటున ఒక్కొక్కరు 2.02 టిక్కులు. ఫారం మీద ఏమని ఉంది? రెండింటికి మించకూడదని. అందరూ రెండేసి పెట్టినా 200 దాటదు. మరి ఆ రెండు ఎక్కడి నుంచి వచ్చాయి?

నేను కుర్రాడిని అడిగాను, "ఎవరైనా మూడు టిక్కులు పెట్టారా?" అని. లేదండీ, కాగితం ఫారాలు కావు, ఫోనులో గూగుల్ ఫారం, రెండు దాటితే తీసుకోకుండా పెట్టాను అన్నాడు. తెలివైనవాడే. అయితే షీటు తెరవమన్నాను.

ఇలాంటి ప్రశ్నకు వచ్చిన జవాబులు షీటులో ఎలా పడతాయో మీలో కొందరికి తెలుసు. ఒక మనిషి పెట్టిన టిక్కులన్నీ ఒకే గడిలో, మధ్యలో కామా పెట్టి వస్తాయి. "షేర్ ఆటో, బస్సు" అని ఒక గడి, "సొంత బండి" అని ఇంకో గడి. మొదట నేను చేయించింది వరసగా ఒక్కో గడిలో ఎన్ని టిక్కులు ఉన్నాయో లెక్కపెట్టించడం. కామాలు లెక్కపెట్టి ఒకటి కలిపితే టిక్కుల సంఖ్య వస్తుంది.

```
=LEN(C2)-LEN(SUBSTITUTE(C2,",",""))+1
```

దీన్ని 200 వరసలకూ లాగి మొత్తం చూశాం. 180 మంది రెండేసి పెట్టారు, 20 మంది ఒక్కొక్కటే పెట్టారు. మొత్తం 380 టిక్కులు. అంటే శాతాల మొత్తం 190 రావాలి. కాగితం మీద 202 ఉంది. అంటే లేని టిక్కులు 24 పుట్టుకొచ్చాయి. ఒక జాగ్రత్త చెబుతాను: గడి ఖాళీగా ఉంటే ఈ సూత్రం సున్నా చూపించదు, ఒకటి చూపిస్తుంది. జవాబు ఇవ్వకుండా వదిలేసినవాళ్లు ఉంటే వాళ్లను ముందే పక్కన పెట్టాలి. ఈ షీటులో ఖాళీలు లేవు.

ఇక ఆ 24 ఎక్కడివి? కుర్రాడు బస్సువాళ్లను ఇలా లెక్కపెట్టాడు.

```
=COUNTIF(C2:C201,"*బస్సు*")
```

నక్షత్రం గుర్తుకు అర్థం, అటూ ఇటూ ఏమున్నా సరే, మధ్యలో "బస్సు" అన్న మాట ఉంటే లెక్కలోకి తీసుకో అని. కామాలతో కలిసి ఉన్న గడుల్లో వెతకాలంటే అలాగే రాయాలి, వేరే దారి లేదనుకున్నాడు. కానీ "కంపెనీ బస్సు"లో కూడా "బస్సు" ఉందిగా! స్టీలు ప్లాంటుకు, ఫార్మా కంపెనీలకు కంపెనీ బస్సులో వెళ్లేవాళ్లు 30 మంది. అందులో ఆరుగురు మామూలు బస్సుకు కూడా టిక్కు పెట్టారు, వాళ్లు ఎలాగూ లెక్కలో ఉండాల్సినవాళ్లే. మిగిలిన 24 మంది ఆర్టీసీ బస్సు ముఖం చూడనివాళ్లు. వాళ్లంతా ఆర్టీసీ లెక్కలో చేరిపోయారు. నిజంగా బస్సుకు టిక్కు పెట్టింది 84 మంది, అంటే 42 శాతం. కాగితం మీద 108 మంది, 54 శాతం.

అర్జీ పెట్టింది దేనికి? బస్సు కోసం. తప్పు పడింది సరిగ్గా ఆ అంకె మీదే. ఆర్టీసీ అధికారి ఎవరైనా ఆ ఆరు అంకెలు కూడి చూసి ఉంటే, సంఘం పరువు సంగతి ఏమిటి? కావాలని పెంచారనుకోరా?

(సభలో నవ్వులు.)

నవ్వకండి, మీలో చాలామంది షీటుల్లో ఇదే ఉంటుంది. "కూరగాయలు ఎక్కడ కొంటారు?" అని అడిగి, "బజారు" అని ఒక జవాబు, "రైతు బజారు" అని ఇంకో జవాబు పెడితే ఇదే జరుగుతుంది. ఒక జవాబు ఇంకో జవాబు కడుపులో ఇమిడిపోకుండా పేర్లు పెట్టుకోవాలి. "ఆర్టీసీ బస్సు" అని రాసి ఉంటే ఈ గొడవే లేదు. ఇంకోటి, జవాబు మాటల్లోనే కామా ఉంటే కూడా లెక్క చెడుతుంది. "నడక, సైకిల్" అని ఒకే జవాబుగా పెట్టారనుకోండి, నేను చూపించిన కామాల లెక్క ఆ ఒక్క టిక్కును రెండుగా చూస్తుంది. అప్పుడు తప్పు కుర్రాడిది కాదు, నాది అవుతుంది.

గుర్తుంచుకోవాల్సిన సంగతి ఒక్కటే ఇందులో. అడ్డంగా లెక్కపెట్టిన టిక్కులు, నిలువుగా లెక్కపెట్టిన టిక్కులు సమానం కావాలి. మనిషి మనిషికీ లెక్కపెడితే 380. జవాబు జవాబుకీ లెక్కపెడితే 404. దగ్గరగా ఉంటే చాలదు, ఒక్కటి తేడా వచ్చినా ఎక్కడో తప్పు ఉన్నట్టే. వెనకటి రోజుల్లో మా ఇంట్లో చిట్టా రాసేవాళ్లు అడ్డం మొత్తం, నిలువు మొత్తం కలవందే దీపం ఆర్పేవాళ్లు కాదు. అదే పద్ధతి.

సరే, అంకెలు సరిదిద్దాం. బస్సు 42 అయింది, మొత్తం 190కి దిగింది. ఇక్కడితో అయిపోయిందనుకున్నాను. వారం తరువాత కుర్రాడు ఇంకో కాగితం తెచ్చాడు. "మాస్టారూ, ఇప్పుడు నూరే వచ్చేలా చేశాను" అన్నాడు. ఎలా చేశావంటే, అన్నింటినీ 380తో భాగించాడు. మనుషులతో కాదు, టిక్కులతో. ఆ అంకెలతో చక్కగా రంగు రంగుల పై చార్టు గీశాడు. అదే, దిబ్బరొట్టెను ముక్కలు కోసినట్టుండే గుండ్రటి బొమ్మ.

అందులో బస్సు 22 శాతం. 42 కాస్తా 22 అయింది! నూరు మందిలో 42 మంది బస్సు ఎక్కుతామన్నారు. ఈ బొమ్మ చూసినవాడు నూరు మందిలో 22 మందే అనుకుంటాడు. 22 అన్నది తప్పు అంకె కాదు, "పడిన టిక్కుల్లో బస్సు వాటా 22 శాతం" అని దాని అర్థం. కానీ టిక్కులు బస్సు ఎక్కవు కదా, మనుషులు ఎక్కుతారు. ఆర్టీసీకి కావలసింది మనుషుల లెక్క. నా అభిప్రాయం అడిగితే, మొదటి కాగితం కంటే ఈ రెండోదే ప్రమాదం. 202 చూసి పెద్దాయన కనీసం లేచి అడిగారు. ఇది చూసి ఎవరూ లేవరు.

ఒక వినోదం ఏమిటంటే, ఆ అంకెలు కూడా నూరు రాలేదు. సొంత బండి 29, షేర్ ఆటో 25, బస్సు 22, నడక 9, కంపెనీ బస్సు 8, కారు 6. మొత్తం 99. ఎందుకో ఇప్పుడే చెబుతాను.

గుండ్రటి బొమ్మ సంగతి ముందు ముగిస్తాను. మొత్తం నూరు అయినప్పుడే దాన్ని గీయాలి. 2009లో అమెరికాలో ఒక టీవీ కేంద్రం అధ్యక్ష పదవికి ఆశావహుల మీద ఇలాంటి బొమ్మ వేసింది. సారా పేలిన్‌కు 70 శాతం, మైక్ హకబీకి 63, మిట్ రామ్నీకి 60. మొత్తం 193. ఒకే మనిషి ముగ్గురినీ బలపరుస్తానని చెప్పగల ప్రశ్న అది. అంకెల్లో తప్పు ఉండనక్కర్లేదు, వాటిని వృత్తంలో ఇరికించడమే తప్పు. బహుళ జవాబులకు కమ్మీల చిత్రం గీయండి. ఒక్కో కమ్మీ సున్నా నుంచి నూరు దాకా తన దారిన తాను నిలబడుతుంది.

ఇప్పుడు 99, 101 సంగతి. అదే సర్వేలో బస్సు ఎక్కే 84 మందిని ఇంకో ప్రశ్న అడిగారు. సాయంత్రం బస్సు ఎంత ఆలస్యంగా వస్తుంది? ఒకే జవాబు. పది నిమిషాల లోపు అన్నవాళ్లు 45 మంది, పది నుంచి ఇరవై అన్నవాళ్లు 20, ఇరవై దాటుతుంది అన్నవాళ్లు 19. శాతాలు 54, 24, 23. మొత్తం 101.

ఒక్కరు కూడా రెండు జవాబులు ఇవ్వలేదు. మనుషులను కూడితే 84 సరిగ్గా ఉంది. తేడా ఎక్కడంటే, 45ను 84తో భాగిస్తే 53.57. దాన్ని 54 చేశాం. 23.81ని 24 చేశాం. 22.62ను 23 చేశాం. మూడూ పైకే జరిగాయి. ఒకటి 0.43, ఒకటి 0.19, ఒకటి 0.38 పెరిగి, ముగ్గురూ కలిసి సరిగ్గా ఒక శాతాన్ని సృష్టించారు.

ఇది ఎంత తరచుగా జరుగుతుంది? మూడు జవాబులు ఉంటే దాదాపు నాలుగుసార్లకు ఒకసారి నూరు రాదు. నాలుగు జవాబులకు మూడుసార్లకు ఒకసారి. ఫ్రెడరిక్ మోస్టెలర్ అనే అమెరికా గణాంకవేత్త, మరి ఇద్దరితో కలిసి 1967లో ఈ లెక్కను పద్ధతిగా తేల్చారు. అంటే ఎవరైనా సర్వే పుస్తకం ఇచ్చి, అందులో ప్రతి పట్టికా సరిగ్గా నూరే వచ్చిందంటే నాకు నమ్మకం కలగదు. ఎవరో చెయ్యి పెట్టారనుకుంటాను.

దీనికీ ఒక హద్దు ఉంది. ఒక్కో అంకె అర శాతానికి మించి జరగదు. కాబట్టి మొత్తం మీద తేడా, జవాబుల సంఖ్యలో సగానికి మించదు. మూడు జవాబులైతే ఒకటిన్నర, అంటే పూర్ణాంకాల్లో 99 నుంచి 101 వరకే. మూడు జవాబుల పట్టికలో 103 కనిపిస్తే "రౌండింగు వల్ల" అని కింద రాసినా నమ్మకండి. ఆరు జవాబులకు 101 సహజం, 102 అరుదు, 103 చాలా చాలా అరుదు, 106 అసంభవం. ఒక్కో అంకెకూ ఒక దశాంశం ఉంచితే ఈ హద్దు పదో వంతుకు తగ్గుతుంది. ఆరు జవాబులకు 0.3. అక్కడ 101.0 కనిపిస్తే తప్పే.

ఇందులో అసలు దెబ్బ వేరే చోట తగులుతుంది. సంఘం వాళ్లు అర్జీలో "పది నిమిషాలకు మించి ఆలస్యం అన్నవాళ్లు 47 శాతం" అని రాశారు. 24కు 23 కలిపారు. కానీ మనుషులు 20, 19, మొత్తం 39. 84లో 39 అంటే 46.43. అంటే 46 శాతం. సవరించిన అంకెలను మళ్లీ కూడకూడదు. మనుషులను కూడి, చివరలో ఒక్కసారే సవరించాలి. ఒక శాతమే కదా అంటారా, రెండు కాగితాల్లో రెండు అంకెలు కనిపిస్తే ఏది నిజమో అడిగేవాడికి మీరు జవాబు చెప్పుకోవాలి.

కంప్యూటరులో ఇంకో తమాషా ఉంది. గడిలో 54 కనిపిస్తుంది కానీ లోపల 53.571 ఉంటుంది. కింద మొత్తం వేస్తే 100 అని చూపిస్తుంది. కంటికి కనిపించే మూడు అంకెలు కూడితే 101. షీటు తప్పు లేదు, మన కన్నూ తప్పు లేదు. అందుకే అచ్చుకు ఇచ్చే ముందు కాగితం మీద కనిపించే అంకెలను చేత్తో ఒకసారి కూడండి. చదివేవాళ్లు చేసేది అదే.

ఇక ప్రశ్నలు ఉంటే అడగండి.

(ఒక యువకుడు: సార్, మా పత్రికలో 101 వస్తే పెద్ద అంకెలో నుంచి ఒకటి తీసేస్తాం. తప్పా?)

మీ పట్టికలో 54ను 53 చేస్తారన్నమాట. 53.57ను 53 అని రాస్తే, ఆ ఒక్క అంకె విడిగా చూసినవాడికి తప్పు కనిపిస్తుంది. తప్పనిసరిగా నూరే కావాలంటే ఒక పద్ధతి ఉంది. అన్నింటినీ ముందు కిందికే దించండి: 53, 23, 22. మొత్తం 98. ఇంకా రెండు కావాలి. దశాంశం ఎక్కువ ఉన్నవాళ్లకు ఒక్కొక్కటి ఇవ్వండి. 0.81కి ఒకటి, 0.62కు ఒకటి. అప్పుడు 53, 24, 23. చిత్రంగా మీరు చేసినదే వచ్చింది, కానీ అది పెద్ద అంకె కావడం వల్ల కాదు, దశాంశం చిన్నది కావడం వల్ల. ఇంకో పట్టికలో మీ పద్ధతి దెబ్బతింటుంది. నన్నడిగితే 101 అలాగే ఉంచి, కింద "సవరణ వల్ల మొత్తం నూరు కాకపోవచ్చు" అని రాస్తాను. ఒక వాక్యానికి ఎంత చోటు పడుతుంది?

(అదే యువకుడు: ఒక దశాంశం ఉంచితే సరిపోతుంది కదా సార్? 53.6, 23.8, 22.6. నూరే వస్తుంది.)

వస్తుంది. కానీ 84 మందిలో ఒక్క మనిషి మాట మార్చుకుంటే 1.2 శాతం కదులుతుంది. అలాంటి చోట 53.6 అని రాయడం, తూకానికి బస్తాల కాటా వాడి గ్రాముల్లో చెప్పినట్టుంటుంది. వేల మందిని అడిగినప్పుడు దశాంశం రాయండి.

(ఒక మహిళ: మేము ఎం.వి.పి. కాలనీలో చెత్త సేకరణ మీద అడిగామండీ. ఎన్ని ఇబ్బందులైనా చెప్పవచ్చు అని ప్రశ్న. ఐదు జవాబుల మొత్తం సరిగ్గా నూరు వచ్చింది. మాది బాగున్నట్టేనా?)

ఎన్నయినా చెప్పవచ్చా? అయితే నాకు భయంగా ఉందమ్మా. సరిగ్గా నూరు అంటే సగటున ఒక్కొక్కరు ఒక్కటే చెప్పారని. టిక్కులతో భాగించారా, మనుషులతోనా?

(మహిళ: మనుషులతోనేనండీ. ఫారాలు 120.)

షీటు ఫోనులో ఉందా? కామాలు ఉన్నాయేమో చూడండి.

(మహిళ, ఫోను చూసి: ఎక్కడా లేవండీ. అన్ని గడుల్లోనూ ఒక్కటే ఉంది.)

ఇంటింటికీ వెళ్లి అడిగింది ఎంతమంది?

(మహిళ: ఇద్దరు అబ్బాయిలండీ.)

ఇద్దరినీ పిలిచి ఒక్క మాట అడగండి. మొదటి ఇబ్బంది చెప్పగానే రాసేసుకుని వచ్చేశారా, లేక "ఇంకేమైనా ఉందా?" అని మళ్లీ అడిగారా? సర్వేల్లో ఆ రెండో ప్రశ్నను ఫారం మీదే అచ్చు వేస్తారు, అడిగేవాళ్లు మరిచిపోతారని. రేపు ఒక పది ఇళ్లకు మీరే వెళ్లి, ఆ మాట కలిపి అడిగి చూడండి. మొత్తం 150కో 170కో వెళ్తే, మిగిలిన 110 ఇళ్లకు కూడా మళ్లీ వెళ్లాల్సిందే.